కాటా తెర మీద పెద్ద ఏబీసీడీలు

నాకో జబ్బుంది. ఇంగ్లీషు అక్షరం ఎక్కడ కనబడినా అందులో తప్పు వెతుకుతాను. శుభలేఖ చేతికిస్తే ముహూర్తం కంటే ముందు స్పెల్లింగు చూస్తాను. హోటల్లో కూర్చుంటే మెనూ కార్డు మీదికి పెన్ను తీస్తాను. "నీతో టిఫినుకొస్తే దోశ చల్లారిపోద్ది, కార్డుకి మాత్రం మార్కులు పడతాయి" అని మా ఆయన వేళాకోళం. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పాను. చివరికి గొంతు మొరాయించింది. ఇక అరవకూడదని డాక్టరు అంటే మానేసి ఇంట్లో కూర్చున్నాను. జబ్బు మాత్రం నాతోనే ఇంటికొచ్చింది.

ఆ జబ్బుకి జీతమిచ్చినవాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన కుర్రాడే. ఇప్పుడు కుర్రాడు కాదులెండి, నడినెత్తిన జుట్టు పల్చబడింది. హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి వచ్చి, ఊళ్లో ఎరువుల కొట్టు పైన చిన్న ఆఫీసు తెరిచాడు. నాలుగు కంప్యూటర్లు, ప్రోగ్రాములు రాసే ఇద్దరమ్మాయిలు, ఎప్పుడూ చల్లగా ఉండని ఒక ఏసీ. వాళ్లు తయారుచేసేది లారీ కాటాల సాఫ్ట్‌వేరు. లారీ కాటా మీదికెక్కితే బరువు తెర మీదికొస్తుంది. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూస్తారు, ఆపైన బటను నొక్కితే చీటీ అచ్చవుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర, మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర, బియ్యం మిల్లుల దగ్గర వాళ్లదే నడుస్తోంది.

"టీచర్, సాఫ్ట్‌వేరు బ్రహ్మాండంగా పనిచేస్తంది. తెర మీద ఇంగ్లీషే చూడబుద్ధి కాదు. మొన్న ఒక మిల్లు వాళ్లు చూసి నవ్వారు" అన్నాడు.

"తొమ్మిదో తరగతిలో నీ కాపీ చూసి నేను నవ్వలేదా ఏంది" అన్నాను. అలా చేరాను.

పనేమిటంటే, తెర మీద కనిపించే ప్రతి మాటా, అంటే బటన్ల పేర్లు, మెనూలు, తప్పు జరిగితే వచ్చే హెచ్చరికలు, అన్నీ ఒక పెద్ద పట్టికలో పెట్టి ఇస్తారు. ఎడమ గడిలో ఆ మాటకు ప్రోగ్రాములో ఉన్న గుర్తు, కుడి గడిలో మాట. ఎడమ గడి ముట్టుకోకూడదు. కుడి గడిలో కూడా మీసాల బ్రాకెట్ల మధ్య ఉన్నది ముట్టుకోకూడదు. లారీ నంబరు వచ్చి కూర్చునే చోటు అది. దాన్ని దిద్దితే నంబరు బదులు ఆ బ్రాకెట్లే తెర మీదికొస్తాయి. మిగతాదంతా నా రాజ్యం.

ఆ రాజ్యం చూస్తే నాకు పండగే అయింది. దాచమని చెప్పే బటను ఒక తెర మీద "SAVE", ఇంకో తెర మీద "Save Data", మూడో దాంట్లో "save it". తీసెయ్యడానికి ఒకచోట "Delete", ఒకచోట "Remove", ఒకచోట "Erase". హెచ్చరికల్లో ఒక్కోదానికి మూడేసి ఆశ్చర్యార్థకాలు, లారీ మీద పిడుగు పడినట్టు. రద్దు చెయ్యమంటారా అని అడిగి, కింద "OK", "Cancel" అని రెండు బటన్లు పెట్టారు. రద్దు చేయడానికి ఏది నొక్కాలో దేవుడికే తెలియాలి. ఇక కాటా తెర మొత్తం పెద్ద అక్షరాల్లోనే ఉంది. ఎందుకని అడిగితే, మొదట రాసినబ్బాయికి క్యాప్స్ లాక్ తీసే అలవాటు లేదని చెప్పారు. అతను ఉద్యోగం మాని ఎప్పుడో వెళ్లిపోయాడు, క్యాప్స్ లాక్ మాత్రం ఉండిపోయింది.

నేను రెండు పేజీల నియమాలు రాశాను. బటను పేరు చేసే పనితో మొదలవ్వాలి. మొదటి అక్షరం ఒక్కటే పెద్దది, మిగతావన్నీ చిన్నవి. బటను చివర చుక్క పెట్టకూడదు, హెచ్చరిక పూర్తి వాక్యమైతే పెట్టాలి. ఆశ్చర్యార్థకం ఎక్కడా కనపడకూడదు. ఒక పనికి ఒకే మాట. ఏం తప్పు జరిగిందో చెప్పి ఊరుకోకూడదు, తర్వాత ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. నెలన్నర కూర్చుని పట్టిక మొత్తం దిద్దాను. "FIRST WEIGHT" అన్నది "First weight" అయింది, "PRINT SLIP" అన్నది "Print slip" అయింది. అదే ఊపులో అమ్మాయిలు బటన్లన్నీ తెర అడుగున ఒక వరుసలోకి చేర్చారు. కొత్త తెర చూసి ఆఫీసు పెట్టిన మా వాడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. నా ఛాతీ నాలుగంగుళాలు పెరిగింది. తప్పుల్లేని పేజీ చూస్తే నాకు కలిగే ఆనందం బంగారం చూసినా కలగదు.

శుక్రవారం సాయంత్రం పిడుగురాళ్లలో ఒక సున్నపు బట్టీ కాటాకి కొత్త తెర పంపారు. శనివారం పొద్దున తొమ్మిదికల్లా ఆ కాటా ఓనరు ఫోను.

"ఏందయ్యా నువ్వు పంపింది? బళ్లు రోడ్డు దాకా ఆగినయ్. మా కాటా ఆపరేటరామె కీబోర్డు మీద చెయ్యి పెట్టట్లా. ఇదేం పోయేకాలం?"

మా వాడు స్పీకరు పెట్టాడు కాబట్టి అందరం విన్నాం. పాత తెర మళ్లీ పెట్టమంటే అమ్మాయిలు తలలు అడ్డంగా ఊపారు. కొత్త తెరతో పాటు లోపల తూకాలు దాచే పద్ధతి కూడా మార్చారట, వెనక్కి వెళ్తే పొద్దుటి చీటీలు పోతాయట. ఓనరు ఆగలేదు. "సోమవారం దాకా చూస్తా. అప్పటికీ ఆమెకి రాకపోతే మా మేనల్లుణ్ణి కూర్చోబెడతా. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. ఆమెని మళ్లీ ఊడ్చే పనికి పంపుతా. పదేళ్ల నుంచి చేస్తంది, ఇంకా రాకపోతే ఎట్టా?"

నాకు కోపమొచ్చింది. ఓనరు మీద కాదు, ఆ ఆపరేటరు మీద. అంత శుభ్రంగా, అంత తేటగా రాసి పంపితే చదవడానికేం నొప్పి అనుకున్నాను. "నేను వెళ్లి చూపిస్తాను. టీచర్ని కదా, పాఠం చెప్పొస్తాను" అని చెప్పి పిడుగురాళ్ల బస్సెక్కాను. అప్పుడు నేనెంత గర్వంగా వెళ్లానో తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కాటా గది అంటే గూడు లాంటిది. ఒక కిటికీ, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, అన్నిటి మీదా సున్నం పొర. ఆపరేటరు నలభై ఏళ్ల మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తల చుట్టూ తువ్వాలు కట్టుకుని కూర్చుంది. ఆమె బట్టీలో రాళ్లు మోసే వాళ్ల కూతురని, కాటా ఊడ్చడానికి చేరి, లారీ నంబర్లు రిజిస్టర్లో రాస్తూ రాస్తూ కంప్యూటరు దాకా వచ్చిందని, నన్ను గేటు నుంచి గది దాకా తీసుకొస్తూ ఓనరే చెప్పాడు. తనేదో పేద్ద ఘనకార్యం చేసినట్టు చెప్పాడుగానీ, ఘనకార్యం ఆమెది.

నేను వెళ్లేసరికి రాయి లోడుతో ఒక లారీ కాటా మీద నిలబడి ఉంది. బరువు తెర మీద కనబడుతోంది. నంబరు చకచకా కొట్టింది. తర్వాత చెయ్యి ఆగిపోయింది. బటన్ల వరుస మీద కళ్లు అటూ ఇటూ తిప్పి, ఒకటి నొక్కింది. అది "Second weight". మొదటి తూకం వెయ్యకుండా రెండోది నొక్కితే ఏమవుతుంది? హెచ్చరిక వచ్చింది. నేను రాసిందే, ఏం తప్పు జరిగింది, తర్వాత ఏం చెయ్యాలి, చివర చుక్క, అన్నీ ఉన్నాయి. ఆమె దాని వంక చూసింది. చదవలేదు, చూసిందంతే. ఇరవై రెండేళ్లు పిల్లల ముఖాలు చూసినదాన్ని. చదివే చూపేదో, చదవలేని చూపేదో నాకు తెలుసు.

ఓనరుని టీకి పంపించాను. లారీకి నేనే మొదటి తూకం నొక్కాను. తర్వాత నెమ్మదిగా అడిగాను. "ఇందాక తెర మీద వచ్చిన దాంట్లో ఏముందమ్మా?"

ఆమె కిటికీ బయటకి చూసి, ఓనరు దూరంగా ఉన్నాడని రూఢి చేసుకుంది. "మేడం, నాకు పెద్ద ఏబీసీడీలే వచ్చు. చిన్నవి రావు. ఆయనకి తెలవదు. ఎవరూ అడగలా, నేను చెప్పలా" అంది.

"పెద్దవి ఎలా వచ్చాయి?"

"బండి నంబర్లు రాశాగా. వాటి మీద అన్నీ పెద్దయ్యేగా. ఏపీ, టీఎస్, కేఏ. అట్ట ఒక్కోటి డ్రైవర్లని అడిగి నేర్చుకున్నా. తెలుగు బళ్లో ఐదు దాకా చదివా, అది బాగా చదువుతా. తెర మీదయి కూడా పెద్దయ్యే ఉండేసరికి ఎస్సు, ఏ, వీ, ఈ అని కూడబలుక్కున్నా. సేవ్ అంటే దాచేదని తెలిసింది. ఇప్పుడేమో ఎస్సూ వీ తప్ప తక్కినయి ఏందో తెలవట్లా."

నేను తెర వంక చూశాను. "Save". ఎస్సు, వీ రెండూ పెద్దవైనా చిన్నవైనా ఒకే ఆకారం. మిగతా రెండూ మారిపోతాయి. ఇన్నేళ్లు ఏబీసీడీలు చెప్పిన నాకు ఆ సంగతి ఇంత గట్టిగా ఎప్పుడూ తగల్లేదు.

"మరి ఫస్టు, సెకండు ఎట్ట పోల్చుకునేదానివి?"

"ఫస్టులో ఒకటి ఉంటదిగా, సెకండులో ఉండదు" అంది తేలిగ్గా.

నాకు అర్థం కాలేదు. కాగితం మీద FIRST అని రాయమన్నాను. రాసింది. మధ్యలో నిలువు గీతని చూపించి "ఇదుగో, ఒకటి. మొదటి తూకం" అంది. అది ఐ అనే అక్షరమని ఆమెకి తెలియదు. బండి నంబర్ల అక్షరాల్లో అది రాలేదట. అబద్ధమేమోనని తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి లారీ నంబర్లన్నీ చూసుకుంటూ వచ్చాను. నరసరావుపేట దాకా ఒక్క ఐ కనబడలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. తనకున్న అక్షరాలతో తన చదువు తనే కట్టుకున్న మనిషి. ఆ చదువుని నేను ఒక్క శుక్రవారంతో చెరిపేశాను. అదీ నీటుగా ఉంటుందని.

నేను బయల్దేరేముందు ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "ఆయనకి చెప్పమాకు మేడం. చదువు రాదని తెలిస్తే ఈ కుర్చీలో కూర్చోనియ్యడు. పదేళ్లలో ఒక్క చీటీ తప్పు కొట్టలా నేను."

చెప్పనని మాటిచ్చాను. సోమవారం లోపల ఆమె కుర్చీ ఆమెకి నిలవాలి, రహస్యం రహస్యంగా ఉండాలి.

ఆదివారం ఆఫీసు తెరిపించాను. "కాటా తెర మీద బటన్లన్నీ మళ్లీ పెద్ద అక్షరాల్లోకి మార్చాలి" అన్నాను. మా వాడు నోరు తెరిచాడు.

"టీచర్, నియమాలు రాసింది మీరేగా? మొదటి అక్షరం ఒక్కటే పెద్దదని మూడుసార్లు గీత గీశారు."

"గీశాను. తప్పు గీశాను. కాటా మీద పనిచేసేవాళ్లు రోజంతా చూసేది బండి నంబర్లు. వాళ్ల కళ్లకి పెద్ద అక్షరాలు అలవాటు. అది కనుక్కోకుండా రాయడం నా తప్పు." ఇందులో ఒక్క అబద్ధమూ లేదు, ఆమె రహస్యమూ లేదు. నా తప్పు ఒప్పుకోవడం నాకు అంత సులువు కాదని మా ఆయన్నడిగితే చెబుతాడు.

మళ్లీ పట్టిక మొత్తం దిద్దాలేమోనని భయపడ్డాను. అమ్మాయిల్లో ఒకామె నవ్వింది. "అక్కర్లేదు మేడం. పట్టికలో మీరు రాసినట్టే ఉంటది. కాటా తెర మీద చూపించేటప్పుడు మాత్రం పెద్ద అక్షరాల్లో చూపించమని ఒక్క లైను రాస్తే చాలు." నెలన్నర చాకిరీ గంగపాలు కాలేదని ఊపిరి పీల్చుకున్నాను. బటన్లు కూడా పాత చోట్లకి చేర్చారు.

హెచ్చరికలు మాత్రం అలా కుదరవు. పొడుగు వాక్యాలు పెద్ద అక్షరాల్లో ఉంటే నాకే చదవబుద్ధి కాదు, ఆమె కూడబలుక్కునే లోపు ఇంకో మూడు లారీలొస్తాయి. వాటిని తెలుగులో పెడదామన్నాను. పాత కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా వచ్చేవని మానేశారట, ఇప్పుడా బాధ లేదు. మా వాడు ఉత్సాహంగా మొదటిది తనే రాశాడు. "వాహన భారము స్థిరముగా లేదు. దయచేసి పునః ప్రయత్నించుము."

ఆ పిడుగురాళ్లామెకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఇది ఏందక్కా, హరికథా?" అంది. మేడం నుంచి అక్కకి దిగానని అప్పుడు గమనించాను. సంతోషమేసింది.

"మరి నువ్వైతే ఏమంటావు?"

"బండి ఊగుతోంది. ఆగినాక నొక్కండి. అంతేగా."

అంతే. అదే రాసుకున్నాను. మధ్యాహ్నం దాకా ముప్ఫై పైచిలుకు హెచ్చరికలు ఆమె నోటి నుంచి దించుకున్నాం. తెలుగులో పెద్ద అక్షరం చిన్న అక్షరం గొడవ లేదని సంబరపడ్డానా, అమ్మాయిలు వాటిని పట్టికలోకి ఎక్కించేసరికి వేరే గొడవ ఎదురైంది. ఒకచోట నొక్కుము, ఒకచోట నొక్కండి, ఒకచోట నొక్కగలరు. ఒకచోట బండి, ఇంకోచోట వాహనం. ఒకచోట తూకం, ఇంకోచోట బరువు. మళ్లీ నియమాలు రాశాను. అన్నిచోట్లా అండి. అన్నిచోట్లా బండి. కాటా వేసే పనికి తూకం, తెర మీద కనబడే అంకెకి బరువు. జబ్బు అంత తేలిగ్గా పోతుందా?

సోమవారం పొద్దున్నే పిడుగురాళ్లలో ఉన్నాను. మేనల్లుడు ఉతికిన చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో సిద్ధంగా కూర్చున్నాడు. ఓనరు చేతులు కట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు. నాకు మన పిల్లే పబ్లిక్ పరీక్ష రాస్తున్నట్టుంది.

లారీ కాటా మీదికెక్కింది. ఆమె నంబరు కొట్టి, బండి ఇంకా ఊగుతుండగానే "FIRST WEIGHT" నొక్కింది. కంగారులో అలా చేసిందనుకున్నాను. తెర మీద హెచ్చరిక వచ్చింది. ఆమె దాన్ని గట్టిగా, ఓనరుకి వినబడేలా చదివింది. "బండి ఊగుతోంది. ఆగినాక నొక్కండి." తర్వాత నా వైపు చూసింది. కావాలనే నొక్కిందని అప్పుడర్థమైంది. లారీ ఆగింది, మళ్లీ నొక్కింది, తూకం పడింది.

పది గంటలకల్లా వరుస తరిగింది. ఓనరు గొంతు సవరించుకున్నాడు. "శనివారం ఏమైందంటా ఆమెకి?"

"ఆమెకేం కాలేదండీ. మేమే తెర తప్పు పంపాం. దిద్దింది నేను, తప్పు నాది" అన్నాను.

"ఇంగ్లీషు టీచర్ కూడా తప్పు రాసుద్దా?"

"బోలెడు."

ఆయన నవ్వి, మేనల్లుణ్ణి లేపి తీసుకెళ్లాడు. ఆమె తువ్వాలు కొసతో కంప్యూటరు మీది సున్నం తుడిచింది. వచ్చేటప్పుడు ఒక కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఇరవై ఆరు పెద్ద అక్షరాలు, ఒక్కోదాని పక్కన దాని చిన్నది. ఐ దగ్గర మాత్రం "ఇది ఒకటి కాదు" అని తెలుగులో రాశాను.

అప్పట్నుంచి మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టాం. ఏ కొత్త తెరైనా బయటికి వెళ్లేముందు ఫొటో తీసి ఆమెకి పంపుతాం. ఆమె చూసి సరేనంటేనే వెళ్తుంది. రెండు నెలలు గడిచాక ఒక రోజు కొత్త మెనూ ఫొటో పంపాను. గంటకి తిరిగొచ్చింది, ఒక మాట చుట్టూ ఎర్ర గీత. మెనూలో "Print Slip again" అని ఉంది. మధ్యలో ఎస్సు పెద్దది. నేను రెండుసార్లు చూసి వదిలేసిన తప్పు. వెంటనే ఫోన్ చేశాను.

"ఎట్ట కనిపెట్టావే?"

"ఎస్సు పెద్దదైనా చిన్నదైనా ఒకటే బొమ్మగా, పక్కనున్న ఎల్ అంత ఎత్తుంటే పెద్దదని, మొదటి అక్షరం ఒక్కటే పెద్దది ఉండాలని నువ్వే ఫోన్లో చెప్పావుగా. ఇంకోటి అక్కా. నీ వాట్సాప్‌లో నీ పేరు చిన్న అక్షరంతో మొదలైంది. అది తప్పు కాదా?"

చూసుకున్నాను. నిజమే. ఊరందరి బోర్డులూ దిద్దిన దాన్ని, నా పేరు నేనే చిన్న అక్షరంతో రాసుకుని ఎన్నేళ్లు తిరిగానో. సిగ్గుతో, ఆనందంతో పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక అన్నాను. "చిన్నవన్నీ వచ్చేసినట్టేగా? అయితే కాటా తెర మీద ఆ ఒక్క లైను తీయించేస్తాను. అన్ని తెరలూ ఒకేలా ఉంటాయి."

"తీయొద్దక్కా" అంది వెంటనే. "నాకైతే వచ్చినయ్. మీ తెరే పక్క బట్టీ కాటాకి కూడా పెట్టారుగా, అక్కడ కొత్తగా కూర్చున్న పిల్ల నాలాంటిదే. ఆమెకింకా చిన్నయి ఎఫ్ దాకే నేర్పా."